మూడుసార్లూ అదే జవాబు వస్తే తప్పెక్కడ?



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో పదో తరగతి అమ్మాయి ఒకరి తల్లి మ్యాథ్స్ ఆన్సర్ షీట్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. మార్కులు తక్కువ వేశానని అడగడానికి రాలేదు. ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టి, "మేడమ్, నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు నాకు తెలీవు. కానీ ఇక్కడ మా పాప ఒకే లెక్క మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. మూడూ కొట్టేసింది. మూడుసార్లూ అదే వస్తే ఇంక తప్పెక్కడుంటుంది మేడమ్?" అన్నారు.

ఆ పేజీని నేను దిద్దాను. అడ్డంగా గీతలు కొట్టేసిన మూడు ప్రయత్నాలు, కింద సగంలో ఆగిపోయిన నాలుగోది చూసి, నాలుగు మార్కులకు ఒక మార్కు వేసి ముందుకు వెళ్లిపోయాను. ఆవిడ అడిగాక అదే పేజీని మొదటి లైను నుంచి చదివాను. అప్పుడు తెలిసింది, ఆ పాప మొదటి ప్రయత్నంలోనే లెక్క పూర్తిగా సరిగ్గా చేసింది. తర్వాత నేను నేర్పిన మాటనే నమ్మి, సరైన లెక్కను కొట్టేసింది. అది పరీక్షలో తొమ్మిది పది నిమిషాల్లో ముగియాల్సిన ప్రశ్న. దాని మీదే దాదాపు అరగంట పోయింది. చివరి రెండు ప్రశ్నలు ఖాళీగా మిగిలాయి.

ఆ రోజు ఆవిడకు మీటింగ్ హడావిడిలో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్క ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

ప్రశ్న ఇది.

√(x + 7) = x − 5

దీన్ని సాధించడానికి ముందుగా రూట్ గుర్తు పోవాలి. అందుకోసం రెండు వైపులా వర్గం చేస్తాం, అంటే స్క్వేర్ చేస్తాం. ఆ పాప కూడా అదే చేసింది.

x + 7 = (x − 5)²
x + 7 = x² − 10x + 25
x² − 11x + 18 = 0
(x − 9)(x − 2) = 0

కాబట్టి x విలువ 9 గానీ 2 గానీ కావాలి. ఇంతవరకూ ఒక్క తప్పూ లేదు. తర్వాత పక్కన మార్జిన్‌లో సరిచూసుకుంది. x స్థానంలో 9 పెడితే ఎడమవైపు √16, అంటే 4. కుడివైపు 9 − 5, అది కూడా 4. టిక్ పెట్టుకుంది. x స్థానంలో 2 పెడితే ఎడమవైపు √9, అంటే 3. కుడివైపు 2 − 5, అంటే −3. ఇక్కడ పక్కన ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, లెక్క మొత్తం కొట్టేసింది. రెండోసారి కారణాంకాలతో కాకుండా ఫార్ములాతో చేసింది. మళ్లీ 9, 2. మళ్లీ అదే 3, −3. మళ్లీ కొట్టేసింది. మూడోసారీ అంతే.

ఎందుకు కొట్టేసిందో నాకు వెంటనే తెలిసింది. వర్గ సమీకరణాల పాఠం మొదలుపెట్టిన రోజు బోర్డు మీద నేనే ఒక వాక్యం రాసి, చుట్టూ గడి గీసి, నోట్‌బుక్కుల్లో ఎక్కించమన్నాను. "వచ్చిన విలువల్ని సమీకరణంలో పెట్టి చూడండి. రెండు వైపులా సమానం కాకపోతే మీరు ఎక్కడో తప్పు చేశారు, మళ్లీ చేయండి." ఆ పాప అక్షరాలా అదే పాటించింది.

ఆ వాక్యం అన్నిచోట్లా తప్పు కాదు. మామూలు వర్గ సమీకరణానికి అది నూటికి నూరు పాళ్లూ నిజం. x² − 11x + 18 = 0 అన్న సమీకరణాన్నే నేరుగా ఇచ్చారనుకోండి. ఒక పిల్లవాడు తొందరలో (x + 9)(x + 2) = 0 అని రాసి, −9, −2 అని జవాబులు తేల్చాడు. గుర్తుల దగ్గర జారడం పిల్లలు చాలా తరచుగా చేసే పొరపాటు. x స్థానంలో −9 పెట్టి చూస్తే 81 + 99 + 18, మొత్తం 198 వస్తుంది. రావలసింది సున్నా. అంటే చేతిలో తప్పు జరిగిందని తేలిపోయింది. వెనక్కి వెళ్లి వెతికితే గుర్తుల తప్పు దొరుకుతుంది. వాడు సరిగ్గా చేసి ఉంటే 9 పెట్టినా 2 పెట్టినా సున్నానే వచ్చేది. మామూలు వర్గ సమీకరణంలో సరిగ్గా చేసిన లెక్క సరిచూపులో ఎప్పుడూ ఓడిపోదు. అది ఓడిపోయిందంటే తప్పు చేసిన మనిషిదే.

రూట్ గుర్తు లోపల x ఉన్న సమీకరణంలో ఈ మాట చెల్లదు. అక్కడ మనం ఏ తప్పూ చేయకపోయినా ఒక విలువ సరిచూపులో నిలబడకపోవచ్చు. దానికి కారణం రెండు వైపులా స్క్వేర్ చేయడమే. స్క్వేర్ చేయడం తప్పు పని కాదు, చేయకుండా ముందుకు పోవడం కష్టం. కానీ ఆ పని చేసినప్పుడు ఒక సమాచారం పోతుంది. 3ని వర్గం చేస్తే 9. −3ని వర్గం చేసినా 9. ఆ 9ని మాత్రమే చూసిన మనిషికి, అది 3 నుంచి వచ్చిందో −3 నుంచి వచ్చిందో తెలిసే దారి లేదు. రెండు సంఖ్యలు సమానమైతే వాటి వర్గాలు సమానమవుతాయి. వర్గాలు సమానమైనంత మాత్రాన ఆ సంఖ్యలు సమానం కానక్కర్లేదు. ఈ దారిలో ముందుకు వెళ్లడానికి హామీ ఉంది, వెనక్కి రావడానికి లేదు.

క్లాసులో దీన్ని మన స్కూలు గేటుతోనే చెబుతుంటాను. సాయంత్రం మీరు పాపను తీసుకెళ్లడానికి వచ్చారు. గేటు దగ్గర నిలబడిన ఆయాకు పాప మొహం తెలీదు. "యూనిఫాం వేసుకున్న పాప" అని మాత్రమే చెప్పారు. ఆవిడ యూనిఫాంలో ఉన్న ఇద్దరు పాపల్ని తెచ్చి మీ ముందు నిలబెట్టింది. మీ పాప ఆ ఇద్దరిలో తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే మీ పాప కూడా యూనిఫాంలోనే ఉంది. కానీ పక్కింటి పాప కూడా వచ్చేసింది. ఆయా తప్పేమీ చేయలేదు. మీరు ఇచ్చిన గుర్తు ఇద్దరికీ సరిపోయింది. ఇప్పుడు మీరు మొహం చూసి మీ పాపను తీసుకెళ్లాలి. స్క్వేర్ చేయడమంటే ప్లస్‌కూ మైనస్‌కూ ఒకే యూనిఫాం తొడగడం. మొదటి సమీకరణంలో పెట్టి చూడటమంటే మొహం చూడటం.

మన లెక్కలో ఆ పక్కింటి పాప ఎవరో కూడా చెప్పవచ్చు. x + 7 = (x − 5)² అన్న లైను రెండు వేర్వేరు సమీకరణాలకు ఉమ్మడి సంతానం. ఒకటి మనకిచ్చిన √(x + 7) = x − 5. రెండోది ఎవరూ అడగని −√(x + 7) = x − 5. రెండింటినీ వర్గం చేస్తే ఒకే లైను వస్తుంది. అందుకే ఆ లైను రెండింటి జవాబులనూ కలిపి చేతిలో పెడుతుంది. 9 మొదటి సమీకరణానిది. 2 రెండోదానిది. 2ని రెండోదానిలో పెట్టి చూడండి, ఎడమవైపు −3, కుడివైపు −3, చక్కగా సరిపోతుంది. అంటే 2 అనేది పొరపాటున వచ్చిన విలువ కాదు, వేరే ప్రశ్నకు సరైన జవాబు. దీన్ని పుస్తకాల్లో ఎక్స్‌ట్రేనియస్ రూట్ అంటారు. అదనంగా వచ్చిన మూలం అని చెప్పుకోవచ్చు.

కాబట్టి ఆ పాప పేపర్లో 3, −3 అని వచ్చిన చోట చేయాల్సింది లెక్క కొట్టేయడం కాదు. "x = 2 సరిపోలేదు, కాబట్టి తీసివేస్తున్నాను. జవాబు x = 9" అని ఒక్క లైను రాయడం. ఆ ఒక్క లైను తప్ప మిగతా లెక్కంతా ఆ పేజీలో ఉంది.

ఇదంతా ఆవిడకు చెబుతుంటే, వెనక వరుసలో ఎదురుచూస్తున్న ఒక నాన్నగారు కల్పించుకున్నారు. "మేడమ్, మా చదువుకునే రోజుల్లో 9కి వర్గమూలం ప్లస్ ఆర్ మైనస్ 3 అని చెప్పేవారు. అలా చూస్తే √9 అంటే −3 కూడా అవుతుంది కదా. 2ని ఎందుకు తీసేయాలి?" అన్నారు. చాలా మంచి ప్రశ్న. ఈ సందేహం తీరకపోతే పైన చెప్పినదంతా గాల్లో తేలుతుంది.

9కి రెండు వర్గమూలాలున్నాయి, 3, −3. అది నిజం. x² = 9 అని అడిగితే రెండు జవాబులూ రాయాలి. కానీ √ అన్న గుర్తు ఆ రెండింటినీ సూచించదు. రెండింటిలో రుణం కానిదాన్ని మాత్రమే సూచించాలని గణితంలో నియమం పెట్టుకున్నారు. క్యాలిక్యులేటర్లో √9 నొక్కితే 3 అనే వస్తుంది. ఇంకో సాక్ష్యం మనందరికీ తెలిసిన ఫార్ములాలోనే ఉంది.

x = (−b ± √(b² − 4ac)) / 2a

ఇక్కడ √ ముందు ± గుర్తును ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నాం? √ ఒక్కటే రెండు విలువల్నీ ఇచ్చేట్టయితే ఆ ± అక్కర్లేదు. √ ఒక్క విలువనే ఇస్తుంది కాబట్టే, రెండోది కావాలంటే మైనస్‌ను మనం చేత్తో రాయాలి. ఆ నాన్నగారు కాసేపు ఆలోచించి, "ఇన్నేళ్లూ ఆ గుర్తు రాశాను కానీ ఎందుకో ఆలోచించలేదు" అని నవ్వారు.

ఈ చిక్కు మన పాఠ్యపుస్తకాలు పుట్టించినది కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యులు రాసిన లీలావతిలో తుమ్మెదల లెక్క ఒకటి ఉంది. ఒక తుమ్మెదల గుంపు. ఆ గుంపులో సగానికి వర్గమూలం ఎంతో అన్ని తుమ్మెదలు మాలతీ పూల దగ్గరికి వెళ్లాయి. మొత్తం గుంపులో తొమ్మిదింట ఎనిమిది వంతులు కూడా అటే పోయాయి. మిగిలింది ఒక జంట. పరిమళానికి ఆశపడి ఒకటి తామరపువ్వులో చిక్కుకుంటే, దాని జోడు బయట తిరుగుతోంది. మొత్తం తుమ్మెదలు ఎన్ని?

గుంపును x అనుకుంటే సమీకరణం ఇలా వస్తుంది.

√(x/2) + 8x/9 + 2 = x

రూట్ ఉన్న భాగాన్ని ఒక్కదాన్నే ఎడమవైపు ఉంచి, మిగతావి కుడివైపు పంపితే √(x/2) = x/9 − 2. రెండు వైపులా స్క్వేర్ చేసి సర్దితే 2x² − 153x + 648 = 0. దీనికి జవాబులు 72, 4.5.

72ను సరిచూద్దాం. సగం 36, దాని వర్గమూలం 6. తొమ్మిదింట ఎనిమిది వంతులు 64. మిగిలిన జంట 2. మొత్తం 6 + 64 + 2 = 72. సరిపోయింది.

4.5 సంగతి అడిగితే క్లాసులో అందరూ ఒక్కసారిగా "సగం తుమ్మెద ఉండదు మేడమ్" అంటారు. నిజమే, ఉండదు. కానీ 4.5ను తీసేయడానికి అసలు కారణం అది కాదు. తుమ్మెదల బదులు లీటర్ల పాలు అనుకోండి, నాలుగున్నర లీటర్లు హాయిగా ఉంటాయి. అప్పుడైనా ఇది జవాబు అవుతుందా? పెట్టి చూద్దాం. 4.5లో సగం 2.25, దాని వర్గమూలం 1.5. తొమ్మిదింట ఎనిమిది వంతులు 4. ఇంకో 2. మొత్తం 7.5. రావలసింది 4.5. సరిపోలేదు. అదే 1.5 స్థానంలో −1.5 ఉంటే −1.5 + 4 + 2 = 4.5, సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ కూడా పక్కింటి పాపే వచ్చింది. 4.5 అనేది వర్గమూలం ముందు మైనస్ ఉన్న, ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు.

ఇదే లెక్కను స్క్వేర్ చేయకుండా కూడా చేయవచ్చు. సగం గుంపుకు వర్గమూలాన్ని y అనుకుంటే, గుంపు మొత్తం 2y² అవుతుంది. అప్పుడు సమీకరణం 2y² − 9y − 18 = 0 అని తేలుతుంది. జవాబులు 6, −1.5. మాలతీ పూల దగ్గరికి మైనస్ ఒకటిన్నర తుమ్మెదలు వెళ్లడం కుదరదు, పైగా y ఒక √ విలువ కాబట్టి అది రుణం కాకూడదు. ఈ దారిలో పనికిరాని విలువ మైనస్ గుర్తుతోనే కళ్ల ముందు కనిపిస్తుంది. స్క్వేర్ చేసిన దారిలో ఆ మైనస్ చెరిగిపోయి, 4.5 అనే మంచి వేషంలో వస్తుంది. సరిచూస్తే తప్ప దాన్ని గుర్తుపట్టలేం.

ఆ మీటింగ్ తర్వాత రూట్ ఉన్న లెక్కల పేపర్లన్నీ మళ్లీ తీసి, పిల్లలు ఎలా సరిచూస్తున్నారో ప్రత్యేకంగా చూశాను. మూడు పొరపాట్లు పదేపదే కనిపించాయి.

మొదటిది, విలువను తప్పు లైనులో పెట్టడం. పిల్లలు 2ని తీసుకెళ్లి x² − 11x + 18లో పెడతారు. 4 − 22 + 18 = 0, సరిపోయిందని టిక్ కొట్టేస్తారు. సరిపోక ఎక్కడికి పోతుంది? ఆ లైను స్క్వేర్ చేసిన తర్వాతిది. అక్కడ పక్కింటి పాప కూడా యూనిఫాంలోనే ఉంది. సరిచూపు ఎప్పుడూ ప్రశ్నపత్రంలో ఇచ్చిన మొదటి లైనులోనే జరగాలి. కాకపోతే మధ్య లైనులో పెట్టి చూడటం పూర్తిగా వృథా కూడా కాదు. కారణాంకాలు సరిగ్గా విడగొట్టామా లేదా అన్నది అది చెబుతుంది. అంతకుమించి చెప్పదు.

రెండోది, సరిచూసేటప్పుడు మళ్లీ స్క్వేర్ చేయడం. √9 = −3 అని రాస్తారు. చూడటానికి బాగాలేదనిపించి రెండు వైపులా వర్గం చేస్తారు. 9 = 9 వస్తుంది. సరిపోయిందంటారు. ఏ పని వల్ల చిక్కు వచ్చిందో అదే పనిని న్యాయం చెప్పమని అడిగినట్టయింది. దీనికి మందు సులువైనది. రెండు వైపుల మధ్య ముందే సమాన గుర్తు పెట్టకూడదు. ఎడమవైపు విలువ ఒక లైనులో, కుడివైపు విలువ ఇంకో లైనులో విడిగా కట్టాలి. రెండూ తేలాకే పోల్చాలి.

మూడోది, సరిచూడకుండా "మైనస్ వచ్చింది కాబట్టి తీసేశాను" అని రాయడం. వయసులు, పొడవుల లెక్కల్లో మైనస్ జవాబును తీసేసే అలవాటు పిల్లలకు ఉంటుంది. దాన్ని ఇక్కడికీ తెస్తారు. మన మొదటి లెక్కలో తీసేయాల్సిన 2 ధనసంఖ్యే. ఇప్పుడు దీన్ని చూడండి.

√(2 − x) = x + 4

స్క్వేర్ చేస్తే x² + 9x + 14 = 0. విలువలు −2, −7. రెండూ మైనస్‌లే. మైనస్ అని తీసేస్తే జవాబే మిగలదు. సరిచూస్తే −2కు ఎడమవైపు √4 = 2, కుడివైపు −2 + 4 = 2. సరిపోయింది. −7కు ఎడమవైపు √9 = 3, కుడివైపు −3. సరిపోలేదు. జవాబు −2. √ ఇచ్చే విలువ రుణం కాకూడదన్నది నియమం, x విలువ రుణం కాకూడదని కాదు. కాస్త ముందుకు వెళ్లిన పిల్లలు దీన్ని లెక్క మొదట్లోనే వాడుకుంటారు. √(x + 7) = x − 5లో ఎడమవైపు రుణం కాదు కాబట్టి x − 5 కూడా రుణం కాకూడదు, అంటే x కనీసం 5 ఉండాలి అని పక్కన రాసుకుంటారు. తర్వాత 9, 2 వచ్చినప్పుడు 2 వెళ్లిపోవాల్సిందేనని వెంటనే తెలుస్తుంది.

సరిచూపుకు కూడా ఒక హద్దు ఉంది. చేతిలోకి వచ్చిన విలువ మనదా కాదా అన్నదే అది చెబుతుంది. రావాల్సిన విలువ ఏదైనా రాకుండా పోయిందా అన్నది చెప్పదు. x² = 5x అని ఇస్తే కొందరు రెండు వైపులా xతో భాగించి x = 5 అంటారు. 25 = 25, సరిపోతుంది. కానీ x = 0 కూడా జవాబే, అది భాగించినప్పుడు జారిపోయింది. ఎంత సరిచూసినా అది తిరిగి రాదు. స్క్వేర్ చేయడం పరాయివాళ్లను లోపలికి తెస్తుంది. xతో భాగించడం మనవాళ్లను బయట వదిలేస్తుంది. పిల్లలకు ఈ రెండు చోట్లా ఒకే జాగ్రత్త సరిపోదు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. దానికి లెక్కలు రానక్కర్లేదు. నోట్‌బుక్కులో ప్రశ్న మొదటి లైనులో √ గుర్తు కింద x కనిపిస్తే, జవాబు తర్వాత ప్రతి విలువనూ ఆ మొదటి లైనులోనే పెట్టి చూశారా, రెండు వైపులూ విడివిడిగా కట్టారా, ఏ విలువ ఉంచారో ఏది తీసేశారో మాటల్లో రాశారా అని చూడండి. ఈ లెక్కల్లో సరిచూపు అనేది చివర్లో టైముంటే చేసే పని కాదు, లెక్కలో భాగమే. అందుకని రఫ్ వర్క్‌లో కాకుండా జవాబులోనే రాయమనండి.

ఆ పాప పేపరు సంగతి చెప్పి ముగిస్తాను. కొట్టేసిన మొదటి ప్రయత్నాన్ని చదివి, ఆ ప్రశ్నకు మూడు మార్కులు చేశాను. చివరి లైను లేదు కాబట్టి నాలుగోది ఇవ్వలేదు. ఖాళీగా వదిలిన రెండు ప్రశ్నలకు ఎనిమిది మార్కులు. అవి ఇవ్వడానికి నా దగ్గర దారి లేదు. ఆ మాట వాళ్లమ్మగారికి అలాగే చెప్పాను. మర్నాడు క్లాసులో పాత వాక్యాన్ని మళ్లీ బోర్డు మీద రాసి, రెండో సగాన్ని పిల్లల ముందే కొట్టేసి ఇలా మార్చాను. "సరిపోకపోతే, దారిలో ఎక్కడైనా రెండు వైపులా స్క్వేర్ చేశారేమో చూడండి. చేయకపోతే తప్పు మీది, మళ్లీ చేయండి. చేసి ఉంటే లెక్కను ఒకసారి పైనుంచి కిందికి చదవండి. తప్పు కనిపించకపోతే ఆ విలువను తీసేసి ముందుకు వెళ్లండి."

తర్వాత ఆ పాపను లేపి బోర్డు మీద ఒక కొత్త సమీకరణం రాశాను.

√(x + 7) = 5 − x

చాక్‌పీస్ తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. కాసేపు బోర్డు వైపు చూసి, "స్క్వేర్ చేస్తే మళ్లీ అదే లైను వస్తుంది మేడమ్. మళ్లీ 9, 2 వస్తాయి. ఈసారి 9ని తీసేయాలి, 2 ఉంటుంది" అంది.

ఇవాళ రాత్రి భోజనాలయ్యాక మీ పిల్లల్ని ఈ సమీకరణం అడిగి చూడండి. 9 పెడితే ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత అని మీరే కట్టించండి.